బావ అన్నవాహికలో పిట్టముక్కు

పోయినవాటి లెక్క ముందు చెప్పేస్తాను. మరోలా మొదలుపెట్టడం నాకు రాదు. మా బావ ఒంటి మీద పంతొమ్మిది కిలోలు పోయాయి. క్రేన్ ఎక్కే పని పోయింది. కుడి ఊపిరితిత్తి అడుగున కొంత మేర మచ్చ కట్టి, మెట్లెక్కితే ఆయాసం మిగిలింది. మా అక్కకు మొగుడు ఎదురుగా కూర్చుని తిన్న భోజనాలు రెండేళ్లవి పోయాయి. అవి ఎన్ని పూటలో లెక్క కట్టడం నాకు చిటికెలో పని, కానీ ఆ లెక్క వెయ్యను. ఇక బావ అన్నవాహిక తన వెడల్పుకు రెండింతలకు పైగా సాగిపోయింది. సాగింది మళ్లీ మునుపటిలా బిగవదని డాక్టరుగారు చెప్పారు.

ఏడో తరగతిలో బడి మానేసిన నేను లెక్కలు ఓడ పక్కన నిలబడి నేర్చుకున్నాను. పోర్టులో బొగ్గు దింపే కాంట్రాక్టరు దగ్గర నా పని లెక్క చూడడం. క్రేన్‌కు వేలాడే ఇనుప పంజా ఓడ కడుపులోంచి బొగ్గు తీసి లారీలో పోస్తుంది. ఎన్ని పంజాలకు లారీ నిండుతుంది, వాన పడితే బొగ్గు ఎంత బరువెక్కుతుంది, సాయంత్రానికి ఓడలో ఇంకా ఎంత ఉంటుంది, ఇవన్నీ కాటాకు వెళ్లకముందే చెప్పగలను. ఆ క్రేన్ మీద కూర్చునేది మా బావ. అక్కను ఆయనకిచ్చిన ఏడాదే నన్ను ఈ పనిలో పెట్టించాడు. పైన ఆయన, కింద నేను. మధ్యాహ్నం షెడ్డులో ఇద్దరివీ ఒకేచోట విప్పుకునే కేరేజీలు. రెండూ అక్క కట్టినవే.

బావ అన్నంతో పాటు నీళ్లు ఎక్కువ తాగడం నాకు ముందు కనబడింది. తర్వాత నాలుగు ముద్దలు తిని లేచి నిలబడడం. రెండు చేతులూ వెనక్కి విరిచి, ఛాతీ ముందుకు తోసి, మెడ నిటారుగా పెట్టి ఊపిరి బిగబట్టేవాడు. కాసేపుండి వదిలి, మళ్లీ కూర్చునేవాడు. క్రేన్ గదిలో ముడుచుకు కూర్చునే మనిషి కదా, నడుం పట్టేసి ఉంటుందనుకున్నాం.

"ఇదిగో, యోగా మాస్టారు లేసేడు," అనేవారు లారీ డ్రైవర్లు.

"బావా, అన్నం తింతన్నావా, ట్యాంకర్ నింపుతన్నావా?" అని నేనూ అనేవాణ్ణి.

"నీకేటి తెలుస్తాదిరా. పైన దుమ్మంతా నేను మింగుతన్నాను, నువ్వు కింద నిలబడి అంకెలు మింగుతన్నావు. దుమ్ము కడుక్కోవాలంటే నీళ్లు తాగాలి మరి."

అందరూ నవ్వేవారు. నేనూ నవ్వాను. బొగ్గు దుమ్ము నిజమే కనుక ఆయన మాట నమ్మడం కష్టం కాలేదు.

ఒక రోజు క్రేన్ పైనుంచే వాంతి చేసుకున్నాడు. కింద ఉన్న సూపర్‌వైజరు చూశాడు. క్రేన్ ఎక్కేవాళ్లకు ఏటా ఒంటి పరీక్ష చేసి, ఫిట్ అని రాస్తేనే గేటు దాటనిస్తారు. ఆ ఏడు కాంట్రాక్టరు పంపిన డాక్టరు బావ బరువు చూసి, వాంతి సంగతి అడిగి, బేరియం తాగించి ఎక్స్‌రే తీయించుకు రమ్మన్నాడు. సున్నం నీళ్లలాంటి తెల్లటి మందు అది. తాగితే గొంతులోంచి కడుపుదాకా దారంతా ఎక్స్‌రేలో కనబడుతుంది.

మా పనివాళ్లలో ఏ పరీక్షకు వెళ్లినా ఒకటే ఆలోచన. జబ్బు తెలుసుకుందామని ఎవరూ వెళ్లరు, గట్టెక్కుదామని వెళ్తారు. చూపు పరీక్షకు ముందు బోర్డు మీది అక్షరాలు కంఠస్థం చేసేవాళ్లు ఉన్నారు. బీపీ చూసే రోజు తెల్లారే వరకు ఉప్పు ముట్టనివాళ్లు ఉన్నారు. బావ కూడా అలాగే వెళ్లాడు. డాబాగార్డెన్స్ దగ్గర ఒక స్కానింగ్ సెంటర్‌కు నేను బండి మీద తీసుకెళ్లాను. చేతిలో ఫ్లాస్కు పట్టుకున్నాడు.

"పరగడుపున రమ్మన్నారు కదా, ఇదేటి?"

"వేడినీళ్లు. గొంతు గరగర. పుక్కిలించడానికి."

బాత్రూముకు వెళ్లి వచ్చాడు. ఫ్లాస్కు తేలికైంది. నేను పట్టించుకోలేదు. లోపల పావుగంట ఉన్నాడేమో. బయటకు వచ్చేసరికి పెదవుల మీద తెల్లటి చార, ముఖం నిండా నవ్వు.

"ఫిట్ కొట్టేసేనురా!"

మందు అడుగున కొంచెం నెమ్మదిగా వెళ్తోంది గానీ వెళ్తోందని అక్కడి డాక్టరు చెప్పారట. ఎసిడిటీ కావచ్చు, మాత్రలు వాడండి, ఇబ్బంది తగ్గకపోతే గొట్టం వేసి లోపల చూపించుకోండి అన్నారట. ఆ చివరి మాట బావ నాకు చెప్పాడు, నేను విన్నాను. ఇద్దరం దాన్ని మాత్రల దగ్గరే ఆపేశాం. ఆ సాయంత్రం పూర్ణా మార్కెట్ దగ్గర అక్క కోసం రెండు కిలోల వంజరం కొన్నాడు. పండగలా వండించాడు. ఆ చేప ఆయన ఎంత తిన్నాడో ఇప్పుడు ఎంత గుర్తుచేసుకున్నా నాకు గుర్తు రాదు.

ఆ తర్వాత బావ ఇంట్లో కంచం పట్టుకుని డాబా మీదకు వెళ్లిపోవడం మొదలైంది. మల్కాపురంలో వాళ్లది చిన్న డాబా ఇల్లు. పైన గాలి బాగుందనేవాడు. అక్క మెట్ల కింద నిలబడి, "కూర ఇంకొంచెం వెయ్యనా?" అని అడిగితే, "సాలు, సాలు, నువ్వు పైకి రామాకు" అనేవాడు. కాసేపటికి ఖాళీ కంచంతో దిగేవాడు.

ఒక ఆదివారం నేను వెళ్లేసరికి అక్క డాబా మీద నీళ్లు కొడుతోంది. నన్ను చూసి చీపురు పక్కన పడేసింది.

"నా సెయ్యి రుసి పోనాదేట్రా?"

"ఎవులన్నారు?"

"అనక్కర్లేదు. ఇలా రా, సూడు."

వాన నీళ్లు పోయే తూము దగ్గర అన్నం ఉంది. మెతుకు మెతుకూ విడిగా, వంకాయ ముక్కలు ముక్కలుగానే ఉన్నాయి. పులుసు వాసన కూడా అలాగే ఉంది. వాంతి అయితే పుల్లటి కంపు కొట్టాలి. అది లేదు.

"రోజూ ఇదే. కంచం పట్టుకుని పైకొచ్చి పారేత్తన్నాడు. నా ముందర పారేత్తే బాధ పడతానని ఇక్కడ పారేత్తన్నాడు. ఎక్కడ తింతన్నాడో ఏటో."

"అలగేం ఉండదక్కా."

"మరేటి? మెతుకు నలగలేదు, సూడు! తిన్నోడి అన్నం ఇలగుంటదా?"

నేను వంగి చూశాను. అన్నం ఎలా కనబడిందో దాన్నిబట్టే తీర్పు చెప్పాను. పంజాలోంచి జారిన బొగ్గు లారీలో పడలేదని చెప్పినంత నమ్మకంగా, "పారేసినట్టే ఉందక్కా" అన్నాను. అక్క బకెట్ ఎత్తి నీళ్లు కొట్టింది.

అప్పట్నుంచి అక్క ఆయనకు వడ్డించడం మానేసింది. వండి గిన్నెల మీద మూతలు పెట్టి పక్కింటికి వెళ్లిపోయేది. బావ తనే పెట్టుకుని పైకెక్కేవాడు. ఒకరినొకరు అడగలేదు. ఆయన సిగ్గుతో అడగలేదు, ఆమె రోషంతో అడగలేదు. బావ బెల్టుకు మేకుతో కొత్త చిల్లులు పొడుచుకున్నాడు. పడుకుంటే దగ్గు, పొద్దున్నే తలగడ మీద తడి. దుమ్ము దగ్గని సిరప్పు తాగేవాడు. తర్వాతి ఏడు పరీక్షలో బరువు తూచే ముందు జేబుల్లో బోల్టులు వేసుకున్నాడని తర్వాత డ్రైవర్లు చెప్పారు. నవ్వుతూనే చెప్పారు.

రెండో ఏడు వానాకాలంలో జ్వరం పట్టింది. ఊపిరి అందక పెద్దాసుపత్రిలో చేర్చాం. నిమ్మోనియా అన్నారు. ఛాతీ ఎక్స్‌రే చూసిన డాక్టరుగారు మమ్మల్ని పిలిచి, గుండె పక్కగా పొడుగ్గా ఇంకో నీడ ఉందనీ, దాంట్లో నీటిమట్టం గీత కనబడుతోందనీ, కడుపులో మామూలుగా ఉండాల్సిన గాలి బుడగ లేదనీ చెప్పారు. అన్నవాహికలోనే ఏదో నిలబడిపోతోంది, జ్వరం తగ్గాక బేరియం తాగించి చూద్దాం అన్నారు. అక్క నా చెయ్యి పట్టుకుని, "కేన్సరేట్రా?" అంది. అదే మా అందరి గొంతులోనూ ఉంది. బయటికి అన్నది అక్క ఒక్కతే.

ఈసారి బావ దగ్గర ఫ్లాస్కు లేదు. ముందురోజంతా నీళ్లు, గంజి తప్ప ఏమీ ఇవ్వలేదు, రాత్రి నుంచి అవీ లేవు. నిలబడితే తూలుతున్నాడని టెక్నీషియన్ మేడం నన్ను సీసపు అద్దం వెనక తన పక్కనే ఉండనిచ్చారు. బావ యంత్రానికి ఆనుకుని నిలబడ్డాడు. గ్లాసుతో తెల్లటి మందు ఇచ్చారు.

"ఆగకుండా తాగగలిగినంత తాగండి. ఒక నిమిషానికి, రెండు నిమిషాలకు, ఐదు నిమిషాలకు మూడు ఫిల్ములు తీస్తాను. మధ్యలో కదలొద్దు."

తాగాడు. మొదటి ఫిల్ము అయింది. బావ రెండు చేతులూ వెనక్కి విరిచాడు. ఛాతీ ముందుకొచ్చింది. మెడ నిటారైంది. షెడ్డులో రోజూ చూసినదే.

"చేతులు దించండి! ఊపిరి మామూలుగా తీసుకోండి!" మేడం మైకులో అరిచారు. తర్వాత నా వైపు తిరిగి, "ఇది ఈయనకు అలవాటా?" అని అడిగారు.

"రోజూ చేస్తాడండి. నడుం నొప్పికి."

"నడుంకి కాదు. లోపలున్నదాన్ని కిందికి తోస్తున్నాడు. ఇలా చేస్తే నాకు ఫిల్ము ఏం వస్తుంది?"

అద్దం అవతల బావ నన్నే చూస్తున్నాడు. ఆ చూపుతో నాకు అర్థమైంది. వేడినీళ్లూ, చేతులు విరవడం, పెదవుల మీద తెల్లటి చారతో ఆ నవ్వూ అన్నీ ఒక్కసారి కూడుకున్నాయి. ఐదు నిమిషాలు చేతులు కిందనే పెట్టుకుని నిలబడ్డాడు.

వరండాలో బెంచీ మీద అడిగాను.

"ఆ రోజు కూడా ఇలాగే సేసేవా?"

"సేసేను. వేడినీళ్లు తాగితే లోపల కాస్త వదులవుద్దిరా. నాకు తెలుసు. సిన్న సిన్న గుటకలేసి, ఆళ్లు అటు తిరిగినప్పుడు సేతులిరిసీసేను. ఫిట్ రాకపోతే కిందికి దింపేత్తారు కదా. కింద నీ పక్కన నిలబడి పారతో బొగ్గు తియ్యమంతావా?"

"తిట్టడానికి కూడా నాకు నోరు రాట్లేదు బావా."

"తిట్టరా, పోనీ. మీ అక్క అసలు మాట్లాడ్డమే లేదు. నువ్వైనా తిట్టు."

డాక్టరుగారు మమ్మల్ని ముగ్గుర్నీ కంప్యూటరు ముందు కూర్చోబెట్టారు. తెర మీద మెడ కింద నుంచి ఒక తెల్లటి గొట్టం దిగుతోంది. వెడల్పుగా, అడుగుకు వచ్చేసరికి కాస్త ఒక పక్కకు వాలినట్టుంది. పైన మందు గ్లాసులో నీళ్లలా సమంగా నిలబడింది, దానిపైన గాలి. ఆ వెడల్పు గొట్టం చివర క్రమంగా సన్నబడి, నునుపుగా, మొనదేలి దారంలా కడుపులోకి పోతోంది.

"చివర చూడండి. పిట్టముక్కులా ఉంది కదా? మేం అలాగే అంటాం," అన్నారాయన. "అన్నవాహిక, కడుపు కలిసే చోట కండరం ఒక ఉంగరంలా ఉంటుంది. మనం మింగినప్పుడు అది తెరుచుకోవాలి. దాన్ని తెరిపించే నరాలు ఈయనకు దెబ్బతిన్నాయి. పైనుంచి తోసే అలలు కూడా పోయాయి. దీన్ని అకలేషియా అంటారు. తిన్నది పైన పేరుకుని, ఆ బరువుకే కొంచెం కొంచెం కిందికి జారుతుంది. జారనిది వెనక్కి వస్తుంది. పడుకుంటే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మొన్నటి నిమ్మోనియా అదే."

"కేన్సర్ కాదా బాబూ?" అంది అక్క.

"కేన్సరయితే సాధారణంగా అంచులు ఇలా నునుపుగా ఉండవమ్మా, గరుకుగా, మెట్టు పడ్డట్టు ఉంటాయి. అయినా గొట్టం వేసి కళ్లతో చూసి గానీ కాదని చెప్పను. లోపలి ఒత్తిడి కొలిచే పరీక్ష కూడా చెయ్యాలి." ఆయన బావ వైపు తిరిగారు. "వెనక్కి వచ్చేది పుల్లగా ఉంటుందా, చేదుగా ఉంటుందా?"

"లేదండి. తిన్నది తిన్నట్టే వత్తాది. రుసి కూడా మారదు."

"కడుపుదాకా పోతే కదా పులవడానికి. అన్నం అన్నంలాగే ఉంటుంది, చూసినవాళ్లకు వాంతి అనిపించదు."

అక్క తెర వైపు చూడడం మానేసింది. బావ ముఖంలోకి చూసింది. నా ఎదుట ఆయన ముఖంలోకి అలా చూసి రెండేళ్లవుతోంది.

"అయితే పారీలేదా?"

"ఏటి?"

"డాబా మీద. తూము దగ్గర. నా అన్నం పారీలేదా నువ్వు?"

బావకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖం చేతుల్లో పెట్టుకున్నాడు.

"నీ ముందర కక్కితే నువ్వు తింతావేటే? అందుకని పైకెళ్లేవోణ్ణి. దిగాక కడుగుదామనుకునీవోణ్ణి, ఒక్కోసారి ఓపిక సాలదు. నీ అన్నం పారెయ్యడానికి నాకేటి పోయేకాలం?"

"ఒక్క మాట సెప్పొచ్చు కదా!"

"నువ్వొక్క మాట అడగొచ్చు కదా!"

డాక్టరుగారు లేచి కిటికీ దగ్గరికి వెళ్లి ఎవరికో ఫోను చేశారు. చెయ్యాల్సిన ఫోనులా నాకు అనిపించలేదు. నేను అక్కడే కూర్చున్నాను. "పారేసినట్టే ఉందక్కా" అన్న నా మాట అక్క ఆ రోజు ఎత్తలేదు. ఈనాటికీ ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేది.

తర్వాత నేను ఒక్కణ్ణే వెళ్లి డాక్టరుగారిని అడిగాను. రెండేళ్ల కిందట బావ మామూలుగా తాగి మామూలుగా నిలబడి ఉంటే ఇది తెలిసేదా అని.

"తెలిసి ఉండవచ్చు. తప్పకుండా అని చెప్పలేను, మొదట్లో కొందరికి ఫిల్ములో స్పష్టంగా కనబడదు. కానీ గొంతు దగ్గర అన్నం నిలబడుతోందని నోటితో చెప్పి ఉంటే అక్కడితో ఆపేవాళ్లు కాదు. అన్నవాహిక ఇంత సాగకముందే పట్టుకునేవాళ్లం."

ఆ సమాధానంలో నాకు కావలసిన అంకె లేదు. ఎంత శాతం అని అడగబోయి మానేశాను.

లోపల గొట్టం వేసి చూశారు, కేన్సర్ కాదు. ఒత్తిడి పరీక్ష కూడా అకలేషియా అనే చెప్పింది. పొట్ట మీద చిన్న చిన్న రంధ్రాలతో ఆపరేషన్ చేశారు. బిగుసుకుపోయిన కండరాన్ని నిలువునా కోసి, లోపలి పొర తెగకుండా వదిలేశారు. దారి తెరుచుకున్నాక కడుపులోని ఆమ్లం పైకి ఎగజిమ్మకుండా కడుపు పై భాగాన్ని కొంత దానిమీదికి మడిచి కుట్టారు. అయితే ఒక సంగతి ముందే చెప్పారు. తలుపు తీయగలరు గానీ చచ్చిన నరాలను బతికించలేరు. తోసే అలలు రావు. ఇకపైన అన్నాన్ని దింపేది నీళ్లూ, కూర్చునే తీరూ, భూమి లాగే బరువూ మాత్రమే.

డిశ్చార్జి అయి ఇంటికొచ్చిన కొన్నాళ్లకు మెత్తన్నం మొదలైంది. అక్క పీట వేసి ఎదురుగా కూర్చుంది.

"ఏటలా సూత్తన్నావు? అలా సూత్తే మింగుడు పడదు."

"మింగు. నాను సూత్తాను."

"నీ తమ్ముణ్ణి కూడా పిలు. గుటకలు లెక్కెట్టడానికి."

మూడో గుటకకు బావ చేతులు అలవాటుగా వెనక్కి పోబోయాయి. అక్క ఆ చేతిలో నీళ్ల గ్లాసు పెట్టింది. అన్నం దిగింది. బావ ఎక్కడ దిగిందో వేలితో చూపించాడు, చిన్నపిల్లాడిలా. అక్క ఏడవలేదు. ఇంకో గరిటె వేసింది.

క్రేన్ మాత్రం తిరిగి రాలేదు. పడుకుంటే మంచం తలవైపు ఎత్తు పెట్టుకోవాలి, చీకటి పడకముందే తినెయ్యాలి. అలాంటి మనిషిని షిఫ్టుల్లో అంత ఎత్తుకు ఎక్కించరు. ఇప్పుడు గాజువాకలో ఒక గోడౌన్ దగ్గర గేటు చూస్తున్నాడు. అక్కడ ఫిట్ అని రాయించుకునే పని లేదు. మధ్యాహ్నం కేరేజీ ఒక్కడే విప్పుకుంటాడు. షెడ్డులో నేనూ ఒక్కణ్ణే. క్రేన్ సీటులో కొత్తవాడు వచ్చాడు, పంజా బాగానే నింపుతాడు.

ఆపరేషన్ ముందు తీసిన ఆ ఫిల్ముల్లో మందు ఎంత ఎత్తు నిలబడిందో స్కేలుతో కొలుస్తారని తెలిశాక నేను డాక్టరుగారిని అంకెలు అడిగి తీసుకున్నాను. మొదటి నిమిషం ఫిల్ములో పదిహేడు సెంటీమీటర్లు. ఐదు నిమిషాలకు పదిహేను. అంత ఎత్తున మందు దాదాపు కదలకుండా ఐదు నిమిషాలు నిలబడి ఉంటే, అన్నం సంగతి ఏమిటో నాకు ఎవరూ వివరించక్కర్లేదు. బొగ్గు కూరుకుపోయిన తూము ఎలా ఉంటుందో నాకు తెలుసు.

ఏడాది తిరిగాక మళ్లీ తాగించారు. బావ చేతులు కిందనే ఉన్నాయి. అదే మేడం, "ఈసారి బుద్ధిగా నిలబడ్డారే" అన్నారు. మొదటి నిమిషానికి ఎనిమిది. అన్నవాహిక వెడల్పు కొంత తగ్గింది. చివరి ముక్కు మొద్దుబారి కాస్త తెరుచుకుంది.

"చాలా బాగుంది. ఇక్కడి నుంచి ఇది పూర్తిగా సున్నా అవుతుందని ఎదురు చూడకండి, ఇలా నిలకడగా ఉంటే చాలు. ఏటా ఒకసారి వచ్చి చూపించుకోండి," అన్నారు డాక్టరుగారు.

అక్క దండం పెట్టింది. బావ నా భుజం మీద చెయ్యేసి బయటికి నడిచాడు, ఆకలేస్తోందన్నాడు. మాకు ఓడ ఖాళీ అయిన రోజున ఎక్కడో కొంత తరుగు తేలుతుంది, కాంట్రాక్టరు దాన్ని లెక్కలోంచి కొట్టేసి పుస్తకం మూస్తాడు. నాకు ఇది కొట్టెయ్యడం చేతకావడం లేదు. ఐదో నిమిషం ఫిల్ములో మందు ఇంకా నిలబడే ఉంది. నాలుగు సెంటీమీటర్లు.